రూమ్మేట్లతో గొడవ: ఇంటి పనీ ఖర్చూ న్యాయంగా పంచుకుని కాగితం మీద పెట్టుకోవడం ఎలా

మా పిన్ని కూతురు నర్సు. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో ఉంటుంది. ఒకామె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. ఇంకొకామె గ్రూప్-2కి చదువుతోంది, ఇంటి నుంచి నాన్న పంపే డబ్బుతో నెట్టుకొస్తోంది. మే నెల కరెంటు బిల్లు వచ్చిన రాత్రి మా చెల్లి ఫోన్ చేసి, "అక్కా, నేను ఇల్లు మారిపోతాను, ఇంక నా వల్ల కాదు" అంది. కారణం అడిగితే బిల్లుతో మొదలుపెట్టి బాత్రూమ్, గిన్నెలు, నూనె ప్యాకెట్ల దాకా ఆరు నెలల లెక్క చెప్పింది.

నేను పదేళ్లకు పైగా రూముల్లోనే ఉన్నాను. ఇలా విడిపోయిన స్నేహాలు చాలా చూశాను, అందుకే ఆ ఆదివారం వెళ్లి వాళ్లతో కూర్చున్నాను. ముగ్గురిలో ఎవరూ మోసం చేసే మనుషులు కాదు. చేరిన రోజు "అన్నీ మూడు భాగాలు" అనుకున్నారు, అంతే. ముగ్గురి గదులు వేరు, తిండి వేరు, డ్యూటీ వేళలు వేరు. అలాంటప్పుడు సమానంగా పంచితే రోజూ ఎవరో ఒకరికి అన్యాయమే జరుగుతుంది. ఆ రోజు మేం చేసిన పనిని వరసగా చెబుతాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం అదే.

ముందు వారం రోజులు రాయండి

గొడవైన రాత్రి ఒప్పందం రాయడానికి కూర్చోకండి. ఆ రాత్రి రాసేది ఒప్పందం కాదు, శిక్ష అవుతుంది. వారం తర్వాత ఒక రోజు అనుకోండి. ఈలోగా రెండు పనులు చెయ్యాలి.

మొదటిది, కాగితాలు పోగుచేయడం. అద్దె అగ్రిమెంట్, గత మూడు నెలల కరెంటు బిల్లులు, మెయింటెనెన్స్ రసీదు, వైఫై బిల్లు, గ్యాస్ బిల్లు, సరుకుల చీటీలు, ఒకరికొకరు యూపీఐలో పంపుకున్న డబ్బుల వివరం. ఇవి చేతిలో లేకపోతే మాట్లాడేదంతా జ్ఞాపకాల మీద నడుస్తుంది. ఎవరి జ్ఞాపకం వాళ్లకు నిజం.

రెండోది, ఫ్రిజ్ మీద ఒక తెల్ల కాగితం అంటించి, ఎవరు ఏ పని చేసినా పేరు, పని, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయడం. చెత్త కిందికి తీసుకెళ్లినా, వాటర్ టిన్ కోసం ఫోన్ చేసినా రాయాలి.

ఈ కాగితం ఎందుకంటే, మనం చేసిన పని మనకు కనిపించినంతగా పక్కవాళ్లు చేసింది కనిపించదు. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతో భార్యాభర్తలను విడివిడిగా అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి జవాబులూ కలిపితే నూటికి నూరు దాటాయి. అబద్ధం చెప్పడం వల్ల కాదు, తాము చేసినదే బాగా గుర్తుండటం వల్ల. మా వాళ్ల దగ్గరా అదే చేయించాను. "ఇంటి పనిలో నీ వాటా నూటికి ఎంత?" అని ముగ్గురినీ చీటీల మీద రాయమన్నాను. 50, 45, 40 వచ్చాయి. మొత్తం 135. ఆ మూడు చీటీలూ పక్కపక్కన పెట్టేసరికి గదిలో వేడి సగం తగ్గింది.

కూర్చున్నప్పుడు మొదటి పావుగంట

ముగ్గురికీ నిద్ర, తిండి సరిపోయిన వేళ చూసుకోండి. మా చెల్లికి నైట్ డ్యూటీ ఉన్న వారంలో ఈ పని పెట్టుకుని ఉంటే అరగంటలో ఎవరో ఒకరు ఏడ్చేవారు.

మొదట ఒక్కొక్కరూ తమను బాధపెట్టిన మూడు సంగతులు చెప్పాలి. రెండు షరతులు. ఒకటి, జరిగింది చెప్పాలి కానీ మనిషి గురించి తీర్పు చెప్పకూడదు. "నువ్వు బద్ధకస్తురాలివి" కాదు, "పోయిన మంగళవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కుక్కర్ కడగలేదు, టిఫిన్ చేసుకోలేకపోయాను" అనాలి. రెండోది, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు సంజాయిషీ ఇవ్వకూడదు. ఈ రెండో షరతు కష్టం. "అది కాదే, ఆ రోజు ఏమైందంటే" అని నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. సంజాయిషీ మొదలైతే ఆ మంగళవారం మీదే సాయంత్రం గడిచిపోతుంది.

చెప్పినవన్నీ ఒకరు రాసుకోవాలి. అందరికన్నా తక్కువ కోపంగా ఉన్నవాళ్లకు పెన్ను ఇవ్వండి. మా దగ్గర గ్రూప్స్ అమ్మాయి రాసింది. తొమ్మిది ఫిర్యాదుల్లో నాలుగు డబ్బువి, ఐదు పనివి. ముందు డబ్బు తేల్చండి. అంకెలు తేలితే మనసు కాస్త కుదుటపడుతుంది, పనుల మాట తర్వాత సులువవుతుంది.

అద్దె: గదికి ధర కట్టండి

అద్దె 22,000, మెయింటెనెన్స్ 2,000. అంతవరకు అన్నీ కలిపి తలా 8,000 ఇస్తున్నారు. కానీ చిన్న గదిలో సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒక్కతే ఉంటుంది, పెద్ద గదిలో ఇద్దరు. పెద్ద గదికి అటాచ్డ్ బాత్రూమ్ ఉంది కాబట్టి సరిపోయిందని ఆమె వాదన. సరిపోలేదని మిగతా ఇద్దరి మనసులో మాట. ఒంటరి గది విలువ ఎంతో బయటివాళ్లు చెప్పలేరు, అందులో ఉండేవాళ్లే చెప్పాలి.

మెయింటెనెన్స్ పక్కన పెట్టండి. అది లిఫ్టుకు, నీళ్లకు, వాచ్‌మన్‌కు పోయేది, తలా ఇంత అని సమానంగానే పంచుకోవచ్చు. అద్దె ఒక్కటే తీసుకుని, "చిన్న గది నాకొక్కదానికే ఇస్తే నెలకు గరిష్ఠంగా ఎంత ఇస్తాను" అని ఒక్కొక్కరూ చూపించకుండా చీటీ మీద రాయాలి. రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, మీరు రాసిన అంకె పోగా మిగిలిన అద్దెను మిగతా ఇద్దరూ చెరిసగం కడతారు.

సాఫ్ట్‌వేర్ అమ్మాయి 9,500 రాసింది. పగలు నిద్రపోవాలి కాబట్టి మా చెల్లికీ ఆ గది మీద మనసుంది, 8,800 రాసింది. గ్రూప్స్ అమ్మాయి 7,400. ఎక్కువ రాసినవాళ్లకు గది. ధర మాత్రం మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య, అంటే 9,150. మిగిలిన 12,850 ఇద్దరికీ సగం, తలా 6,425.

ఇది న్యాయమో కాదో ఇలా సరిచూసుకోవచ్చు. మా చెల్లి ఒంటరి గదికి 8,800 అన్నదంటే, ఆమె లెక్కలో పెద్ద గదిలో సగానికి విలువ 22,000లోంచి 8,800 తీసేసి సగం, అంటే 6,600. ఆమె కడుతున్నది 6,425. గది రాకపోయినా తను అనుకున్నదానికన్నా తక్కువే కడుతోంది. గది తీసుకున్నామె 9,500 ఇవ్వడానికి సిద్ధపడి 9,150 కడుతోంది. గ్రూప్స్ అమ్మాయికైతే అద్దెలో నెలకు 900 దాకా తగ్గింది. ఆమె ముఖం ఆ రోజు చూడాలి. ఆరు నెలలుగా నోరు తెరిచి అడగలేకపోయిన మాట అది.

అద్దె పంచడం గణితంలో కూడా ఒక సమస్యే. ఇతరుల గది చూసి ఎవరూ అసూయపడని ధరల పంపకం మామూలు పరిస్థితుల్లో ఎప్పుడూ ఒకటి ఉంటుందని ఫ్రాన్సిస్ సూ అనే గణితవేత్త 1999లో నిరూపించి చూపించారు. మూడు గదులు, ముగ్గురు మనుషులు ఉంటే చీటీలు రెండు మూడు సార్లు రాయాల్సి రావచ్చు. ఒక గదికి ఇద్దరు పోటీపడితే దాని ధర కొంచెం పెంచి, ఎవరూ అడగని గది ధర అంతే తగ్గించి మళ్లీ అడగండి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. డబ్బున్నవాళ్లకే మంచి గది దొరుకుతుంది. నా దృష్టిలో ఆ తేడా డబ్బు రూపంలో మిగతావాళ్లకు చేరుతున్నంతవరకు అది తప్పు కాదు. కానీ ఎవరికైనా ఆరోగ్యం బాగోక ఫలానా గదే కావాలంటే, చీటీలు వేయకుండా ఆ గది వాళ్లకే ఇచ్చి, ధర మాట్లాడుకోండి.

అడ్వాన్స్ కూడా ఇదే నిష్పత్తిలో రాసుకోవాలి. వీళ్లది రెండు నెలల అద్దె, 44,000. అది 18,300, 12,850, 12,850 అయింది. అగ్రిమెంట్‌లో ఒక్కరి పేరే ఉంటే, మిగతావాళ్లు ఎగ్గొట్టినా ఓనర్ అడిగేది ఆ ఒక్కరినే. అందరి పేర్లూ చేర్చమని ఓనర్‌ను అడగండి. ఒప్పుకోకపోతే ఎవరి వాటా అడ్వాన్స్ ఎంతో మీ కాగితంలో తప్పకుండా రాయండి.

కరెంటు: ఏసీ లెక్క వేరు

అసలు గొడవ ఇక్కడే పుట్టింది. సాఫ్ట్‌వేర్ అమ్మాయి మార్చిలో సొంత డబ్బుతో తన గదికి ఏసీ కొనుక్కుంది. మే నెలలో 290 యూనిట్లు కాలింది. "ఏసీకి నూరు యూనిట్లు పోయుంటాయి, మూడో వంతు కదా, ఆ వంతుకు తగ్గట్టు ఎక్కువ ఇస్తాను" అని ఆమె మంచి మనసుతోనే అంది. కానీ కరెంటు బిల్లు అలా పనిచేయదు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇళ్ల టారిఫ్ తీసుకుంటే, నెలకు 100 దాటి 200 దాకా వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున. 200 దాటితే ఆ మొదటి రెండొందల యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన మూడొందల దాకా 7.70. అంటే సరిగ్గా 200 దగ్గర ఆగితే 820, ఒక్క యూనిట్ ఎక్కువైతే దాదాపు 1,028. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఇవి కాక వేరే. మీ రాష్ట్రంలో, మీ సంవత్సరంలో రేట్లు వేరుగా ఉండొచ్చు. బిల్లు మీద చూసి మీ స్లాబ్ ఎక్కడ మారుతుందో తెలుసుకోండి.

అందుకని ఏసీకి ఒక సబ్ మీటర్ పెట్టించండి. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, ఓనర్‌కు ఒక మాట చెప్పి ఎలక్ట్రీషియన్‌తో బిగించుకోవచ్చు. బిల్లు తీసే మనిషి వచ్చిన రోజే సబ్ మీటర్ రీడింగ్ కూడా ఫోటో తీయాలి. రోజులు తేడా పడితే లెక్క కుదరదు. అప్పుడు ఒకే ప్రశ్న: ఏసీ లేకపోయి ఉంటే బిల్లు ఎంత వచ్చేది?

మే నెలకు సబ్ మీటర్ లేదు కాబట్టి ఏసీ వాడిన గంటలు లెక్కవేసి 95 యూనిట్లని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఏసీ తీసేస్తే 195 యూనిట్లు, బిల్లు 796. ఏసీతో 290, బిల్లు 1,713. తేడా 917. ఈ తేడా ఏసీ వాడినామెది, మిగిలిన 796 ముగ్గురిదీ. అంతకుముందు తలా 571 అనుకున్నది, ఇప్పుడు ఇద్దరికి 265, ఒకరికి 1,182 అయింది. ఆమె ఒక్క క్షణం మౌనంగా ఉంది. కానీ స్లాబ్ లెక్క కళ్లముందు ఉంది కాబట్టి తనంతట తానే ఒప్పుకుంది. మే నెలాఖరులో మిగతా ఇద్దరూ ఆ గదిలో చాపేసుకుని పడుకున్న రాత్రులు నాలుగున్నాయి. ఇకమీదట అలా పడుకుంటే ఆ రాత్రి యూనిట్లు ముగ్గురివి అని కూడా రాశారు.

ఏసీ, గీజర్ లాంటి పెద్దవాటి దగ్గరే ఈ లెక్క ఆపేయండి. ఇంటి నుంచి పనిచేస్తే ల్యాప్‌టాప్‌కు, ఫ్యానుకు అయ్యే కరెంటు మరీ తక్కువ. దాన్ని కూడా లెక్కపెట్టడం మొదలుపెడితే ఇల్లు కిరాణా కొట్టు అయిపోతుంది.

వంట ఖర్చు: ఒక్క నెల లెక్కపెట్టి వదిలేయండి

సరుకుల్ని రెండుగా విడదీయండి. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు కారం, కూరగాయలు, గ్యాస్, గిన్నెల సబ్బు, ఫినాయిల్ ఉమ్మడి. గుడ్లు, మాంసం, చిరుతిళ్లు, పండ్లు, షాంపూ ఎవరివి వాళ్లవి. పాలు ఎటు వెయ్యాలో మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఒకరు రోజుకు మూడు సార్లు కాఫీ తాగుతారు, ఒకరు ముట్టరు. సొంతవి పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి ఒక అర ఇవ్వండి. అరల పంపకం లేని ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా దగ్గర గొడవ తప్పదు.

మా చెల్లి ఎక్కువ పూటలు ఆసుపత్రి క్యాంటీన్‌లో తింటుంది, అయినా మూడో వంతు కట్టేది. ఒక నెల పాటు తిన్నవాళ్లు తిన్న పూటకు క్యాలెండర్ మీద గీత గీయాలనుకున్నారు. నెలాఖరుకు సాఫ్ట్‌వేర్ అమ్మాయివి 58 పూటలు, గ్రూప్స్ అమ్మాయివి 54, మా చెల్లివి 28. మొత్తం 140 పూటలు, ఉమ్మడి ఖర్చు 6,300. పూటకు 45 రూపాయలు. అంటే 2,610, 2,430, 1,260.

ఇంత లెక్క ప్రతి నెలా ఎవరూ చెయ్యలేరు. చేస్తే తిండి దగ్గర మనసు చిన్నదవుతుంది కూడా. ఈ అంకెలు చూస్తే దాదాపు రెండు, రెండు, ఒక వాటా. 6,300ని ఐదు వాటాలు చేస్తే 2,520, 2,520, 1,260. తేడా తొంభై రూపాయలే. అందుకని ఇకపై 2:2:1 అని ఖాయం చేసి, గీతలు మానేశారు. ఎవరి డ్యూటీ అయినా, అలవాటైనా మారితే మళ్లీ ఒక నెల గీతలు గీస్తారు.

డబ్బు ముందుగా వేయాలి, ఖర్చయ్యాక వసూలు చేయకూడదు. ప్రతి నెలా 3వ తేదీకల్లా ఒకరి ఖాతాకు తమ వాటా పంపడం, అందులోంచే సరుకులు కొనడం, మిగిలింది వచ్చే నెలకు కలపడం. ముందే కొని తర్వాత అడిగే పద్ధతిలో మొహమాటం ఉన్నవాళ్లే నష్టపోతారు. మా వాళ్లలో గ్రూప్స్ అమ్మాయికి మూడు నెలల్లో రావాల్సిన 1,140 రూపాయలు అలాగే ఉండిపోయాయి. పాత బాకీలకు చీటీలు ఉన్నవి లెక్కకట్టి ఆ రోజే తీర్చేయండి, చీటీలు లేనివి అందరూ వదిలేయండి.

పనులు: నిమిషాల్లో కొలిచి, మనిషికి అప్పగించండి

ఫ్రిజ్ మీది కాగితం ఇప్పుడు తియ్యండి. వీళ్లకు వారానికి వంట 420 నిమిషాలు, వంట గిన్నెలు తోమడం 175, ఊడ్చి తుడవడం 120, రెండు బాత్రూములు 60, సరుకులు తేవడం 60, చెత్త 35, బిల్లులు, లెక్కలు 30. మొత్తం 900 నిమిషాలు, పదిహేను గంటలు. ఇంత పని ఉందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు.

వంటకు సంబంధించిన పనిని తినే వాటాతోనే పంచాలి, ఇల్లు శుభ్రం సమానంగా పంచాలి. అలా చూస్తే మా చెల్లికి వారానికి దాదాపు మూడున్నర గంటలు, మిగతా ఇద్దరికీ ఐదున్నర గంటల పైచిలుకు. మా చెల్లి ఊడ్చి తుడవడం, బాత్రూములు, లెక్కలు తీసుకుంది, 210 నిమిషాలు. గ్రూప్స్ అమ్మాయి నాలుగు రోజులు వంట, మూడు రోజులు గిన్నెలు, రోజూ చెత్త తీసుకుంది, 350. సాఫ్ట్‌వేర్ అమ్మాయి మూడు రోజులు వంట, నాలుగు రోజులు గిన్నెలు, సరుకులు, 340. వంట చేసినవాళ్లు ఆ రోజు గిన్నెలు తోమరు. తిన్న కంచం, తాగిన గ్లాసు ఎవరిది వాళ్లు అప్పటికప్పుడే కడగాలి, అది లెక్కలోకి రాదు. చెత్త బండి పొద్దున్నే వస్తుంది, నైట్ డ్యూటీ చేసే మనిషికి అది అప్పగిస్తే రెండో రోజే తప్పుతుంది. నిమిషాలు సరిపోతే చాలదు, వేళలు కూడా కుదరాలి.

రోజుకొకరు అన్నీ చేసే వంతుల పద్ధతి నాకు నచ్చదు. ఈ రోజు మిగిల్చింది రేపటివాళ్ల నెత్తిన పడుతుంది, ఎవరు మిగిల్చారో తేలదు. ఒక పని ఒక నెలంతా ఒకరిదే అయితే, బాత్రూమ్ బాగోలేకపోతే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. విసుగొస్తే నెల మారేటప్పుడు మార్చుకోండి.

ఇక అందరూ వదిలేసే మాట ఒకటుంది, "పని అయింది" అంటే ఏమిటి? ఒకరి దృష్టిలో వంటిల్లు శుభ్రమంటే గిన్నెలు తోమడం. ఇంకొకరి దృష్టిలో స్టవ్ తుడిచి, గట్టు తుడిచి, సింకులో మెతుకులు తీసి, తడి గుడ్డ ఆరేయడం. ఇద్దరూ తమ పని చేశామనే అనుకుంటారు, ఇద్దరూ నిజమే చెబుతారు. అందుకని ప్రతి పని కిందా కంటికి కనిపించే మూడు నాలుగు గుర్తులు, ఒక గడువు రాయండి. "గిన్నెలు: రాత్రి పదిన్నరకల్లా సింకు ఖాళీ, స్టవ్, గట్టు తుడిచి ఉండాలి, తడి చెత్త సంచి కట్టి ఉండాలి." "శుభ్రంగా ఉంచాలి" అనే వాక్యం మీ కాగితంలో ఎక్కడా ఉండకూడదు.

తన పని వాటాకు బదులు డబ్బు ఇస్తానని సాఫ్ట్‌వేర్ అమ్మాయి అడిగింది. గ్రూప్స్ అమ్మాయి సరేననబోయింది. నేను వద్దన్నాను. అవసరంలో ఉన్న స్నేహితురాలు అలా ఇంట్లో పనిమనిషి అయిపోతుంది, కొన్నాళ్లకు మాట తీరూ మారుతుంది. తన పని తనకు వద్దనుకుంటే బయట పనామెను పెట్టుకుని ఆ జీతం తనే ఇవ్వాలి. ముగ్గురికీ కావాలంటే జీతం వాటాల్లో పంచుకోవాలి, పనామె సెలవు పెట్టిన రోజు ఎవరు చేస్తారో కూడా ముందే రాయాలి.

తప్పితే ఏం చెయ్యాలి

పని చెయ్యకపోతే యాభై రూపాయల ఫైన్ అని రాయాలనిపిస్తుంది. రాయకండి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాలు, ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూస్తే ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. ఉరి నీజీ, ఆల్డో రుస్టిచీని అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన పరిశీలన అది. డబ్బు కట్టేశాం కదా అనుకున్నాక సంకోచం పోయింది. రూములోనూ అంతే, యాభై పారేసి గిన్నెలు వదిలేసే హక్కు కొనుక్కున్నట్టవుతుంది.

మేం రాసింది ఇది. గడువు తప్పితే మర్నాడు అదే గడువులోగా చెయ్యాలి. ఈలోగా ఇంకొకరు చేసేస్తే, వాళ్ల పని ఒకటి వీళ్లు వారం లోపల చేసిపెట్టాలి, ఏ పనో చేసినామె ఎంచుకుంటుంది. ఊరెళ్లేటప్పుడు ముందు రోజే చెప్పి పని మార్చుకోవాలి. జ్వరమొస్తే లెక్కే లేదు, ఎవరూ తిరిగి అడగకూడదు. గుర్తుచేయాల్సింది ఇంట్లో, ఎదురుగా, ఒక్కసారి. వాట్సాప్ గ్రూపులో సింకు ఫోటో పెట్టకూడదు. ఈ ఆఖరి మాట ముగ్గురూ ఒకేసారి అన్నారు.

ఎవరైనా ఖాళీ చేస్తే

స్నేహంగా ఉన్నప్పుడే ఇది రాసుకోవాలి. వెళ్లేవాళ్లు నెల ముందు చెప్పాలి. మిగతా ఇద్దరూ ఒప్పుకునే మనిషిని తెచ్చే ప్రయత్నం చెయ్యాలి. కొత్తగా వచ్చే మనిషి అడ్వాన్స్ వాటాను వెళ్లేవాళ్లకు ఇవ్వాలి. గోడల రంగుకు, మరమ్మతులకు ఓనర్ ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లో చూసి, వెళ్లేవాళ్ల వంతు అప్పుడే తగ్గించుకోవాలి. లేదంటే ఆఖరున మిగిలినామె నెత్తిన మొత్తం పడుతుంది. కలిసి కొన్న వస్తువుల విలువ నెలనెలా తగ్గేలా రాయండి. వీళ్లు పాత ఫ్రిజ్ 9,000కు కొన్నారు, మూడేళ్లు పనిచేస్తుందనుకుని నెలకు 250 తగ్గించారు. ఏడాదికి దాని విలువ 6,000, వెళ్లేవాళ్లకు 2,000 చేతికివ్వాలి.

చుట్టాలు, స్నేహితులు వచ్చి ఉండే విషయంలో ఒక ముందుమాట, ఒక హద్దు చాలు. వీళ్లు ముందు రోజు చెప్పాలని, వరసగా మూడు రాత్రులకు మించితే మిగతా ఇద్దరినీ అడగాలని రాశారు.

కాగితం ఎలా ఉండాలి

రెండు పేజీలు దాటకూడదు. మామూలు తెలుగులో, మీరు మాట్లాడుకునే మాటల్లో రాయండి. వీళ్ల కాగితంలో కొంత ఇక్కడ ఇస్తున్నాను, అంకెలు మార్చి వాడుకోండి.

"ఈ ఇంట్లో ఉంటున్న మేం ముగ్గురం ఇష్టపూర్వకంగా రాసుకున్నది.

అద్దె 22,000: చిన్న గది 9,150, పెద్ద గదిలో తలా 6,425. మెయింటెనెన్స్, వైఫై మూడు సమాన భాగాలు. 3వ తేదీలోపు పంపాలి. ఆలస్యమయ్యేట్టుంటే 1వ తేదీకే చెప్పాలి.

కరెంటు: ఏసీ లేకుండా వచ్చే బిల్లు, ఫిక్స్‌డ్ ఛార్జీలు ముగ్గురివి. ఏసీ వల్ల పెరిగినది ఏసీ గదిది. బిల్లు రోజే సబ్ మీటర్ ఫోటో.

వంట ఖర్చు 2:2:1. ఉమ్మడి సరుకుల జాబితా వెనక పేజీలో. జాబితాలో లేనిది 500 దాటితే కొనేముందు అడగాలి.

పనులు, వాటి గుర్తులు, గడువులు వెనక పేజీలో. తప్పితే మర్నాటికల్లా పూర్తి, లేదా బదులు పని.

ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం అరగంట కూర్చుంటాం. మార్పులు ఆ రోజే, ముగ్గురూ ఒప్పుకుంటేనే."

చివర తేదీ, ముగ్గురి సంతకాలు. అడ్వాన్స్ వాటాలు పెద్ద మొత్తమైతే ఆ భాగాన్ని విడిగా స్టాంప్ పేపర్ మీద రాసుకుంటే మంచిది. రేపు మాట తేడా వస్తే చూపించడానికి డబ్బుకు సంబంధించిన రాత పనికొస్తుంది. గిన్నెల వంతు కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు.

మొదటి కాగితం తప్పులతోనే ఉంటుంది, అందుకే దాన్ని నెల రోజుల ప్రయోగం అనుకుని సంతకం చెయ్యండి. వీళ్లకు మొదటి నెలలోనే ఒకటి బయటపడింది. గ్యాస్ అయిపోతే బుక్ చేసే పని ఎవరికీ రాయలేదు, రెండు రోజులు ఇండక్షన్ స్టవ్ మీద వండుకున్నారు. మొదటి ఆదివారం కూర్చుని, సరుకుల పని కింద ఒక వాక్యం చేర్చారు: "కొత్త సిలిండర్ పెట్టిన రోజే రెండోది బుక్ చెయ్యాలి." మీ కాగితంలో ఖాళీ ఎక్కడుందో వెతకాలంటే నెలాఖరున ఒకటే అడగండి, ఈ నెల ఎవరూ చెప్పకుండానే ఎవరు ఏ పని చేశారు? ఆ పనికి ఇంకా పేరు రాయలేదని అర్థం.

మా చెల్లి ఇల్లు మారలేదు. కాగితం ఫ్రిజ్ మీద ఉంది, ఫోటో ముగ్గురి ఫోన్లలో ఉంది. నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి సింకు ఖాళీగా ఉంటోందట.